ధర 30 నుంచి 40కి పెరిగినప్పుడు వ్యాకోచత్వం 0.75, 1.33, 1లలో ఏది? (ఫొటోలోని పట్టికపై సందేహం)

చిత్తూరు విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను చిత్తూరులో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. తరగతిలో అర్థశాస్త్రం అభ్యాస పత్రం ఇచ్చిన రోజు నేను వెళ్లలేకపోవడంతో, స్నేహితురాలు దాన్ని ఫోన్‌లో ఫొటో తీసి పంపింది. ఒక దుకాణంలో మామిడి రసం సీసా ధరకూ, రోజుకు అమ్ముడయ్యే సీసాలకూ సంబంధించిన పట్టిక అందులో ఉంది. ఫొటో స్పష్టంగా లేనందున దాన్ని ఇక్కడ టైపు చేస్తున్నాను.

| సీసా ధర (రూ.) | రోజుకు అమ్ముడైన సీసాలు |
|---|---|
| 10 | 120 |
| 20 | 100 |
| 30 | 80 |
| 40 | 60 (?) |
| 50 | 40 |
| 60 | 20 |

కాగితం మడత సరిగ్గా 40 రూపాయల వరుస మీదుగా పోవడం వల్ల అక్కడున్నది 60 అయినా కావచ్చు, 80 అయినా కావచ్చు. నేను 60 అనుకుని లెక్క చేశాను.

ప్రశ్న ఇది: మధ్యబిందు పద్ధతిలో డిమాండు ధర వ్యాకోచత్వాన్ని కనుక్కొని, మొత్తం రాబడి ఎలా మారుతుందో వివరించండి. (అ) ధర 20 నుంచి 30కి పెరిగినప్పుడు, (ఆ) 30 నుంచి 40కి పెరిగినప్పుడు, (ఇ) 50 నుంచి 40కి తగ్గినప్పుడు.

నేను (ఆ) దగ్గర ఆగిపోయాను. ధర 30 నుంచి 40కి పెరగడం అంటే 33.3 శాతం పెరుగుదల, సీసాలు 80 నుంచి 60కి తగ్గడం అంటే 25 శాతం తగ్గుదల, కాబట్టి 25ను 33.3తో భాగిస్తే 0.75 వచ్చింది. సరిచూసుకుందామని అదే లెక్కను 40 నుంచి 30కి వెనక్కి చేస్తే, ధరలో 25 శాతం తగ్గుదల, సీసాల్లో 33.3 శాతం పెరుగుదల తేలి, 1.33 వచ్చింది. అవే రెండు ధరలు, అవే సీసాలు అయినప్పుడు ఒకవైపు నుంచి అవ్యాకోచం, మరోవైపు నుంచి వ్యాకోచం ఎలా అవుతుంది? మధ్యబిందు పద్ధతిలో మాత్రం కచ్చితంగా 1 వస్తోంది. సూత్రంలో అంకెలు వేయడం నాకు వచ్చు, అయితే ఆ ఒకటిని ఎందుకు నమ్మాలో ఎవరైనా వివరించగలరా?

గణితం బెంచీ

మీకు వచ్చిన 0.75, 1.33 రెండూ సరైనవే. ఈ పట్టికలో ధర 10 రూపాయలు పెరిగిన ప్రతిసారీ 20 సీసాలు తగ్గుతున్నాయి, అంటే రూపాయికి 2 సీసాలు. ఒక బిందువు దగ్గర వ్యాకోచత్వం కావాలంటే ఆ 2ను అక్కడి ధరతో హెచ్చించి, అక్కడి పరిమాణంతో భాగించాలి. ధర 30 దగ్గర 2 × 30 ÷ 80 చేస్తే 0.75, ధర 40 దగ్గర 2 × 40 ÷ 60 చేస్తే 1.33 వస్తాయి. అంటే మీరు తెలియకుండానే రెండు చివర్ల బిందు వ్యాకోచత్వాలను కనుక్కున్నారు. మధ్యబిందు పద్ధతి ఈ రెండింటి సగటు లాంటిది. 0.75, 1.33 కలిపి రెండుతో భాగిస్తే దాదాపు 1 వస్తుంది. పరీక్షలో అందరికీ ఒకే సమాధానం రావాలని పెట్టుకున్న ఏర్పాటు అంతే, దానిలో ఇంకే ప్రత్యేకతా లేదు.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

అమ్మా, లెక్కలోకి వెళ్లే ముందు ఆ మడత సంగతి తేల్చుకోవాలి. అది 80 అయితే 30 నుంచి 40కి ధర పెరిగినా ఒక్క సీసా కూడా తగ్గనట్టే, అప్పుడు (ఆ) సమాధానం సున్నా అవుతుంది, 40 రూపాయల దగ్గర రాబడి 3,200 అవుతుంది. మిగిలిన వరుసలన్నీ ఇరవై చొప్పున తగ్గుతున్నాయి కాబట్టి 60 అయి ఉండే అవకాశమే ఎక్కువ. అయినా వరుసను చూసి అంకెను ఊహించడం మంచి అలవాటు కాదు, ఎందుకంటే దుకాణం నుంచి నిజంగా సేకరించిన పట్టికలో అంకెలు ఇంత క్రమంగా తగ్గవలసిన అవసరం లేదు. అసలు కాగితం ఉన్నవారిని అడిగి నిర్ధారించుకోండి. ప్రస్తుతానికి 60 అనే అనుకుని చెబుతాను.

పైన గణితం తెలిసిన మిత్రుడు చెప్పినదానిలో మొదటి సగం చక్కగా ఉంది. 0.75, 1.33 అనేవి రెండు చివర్ల బిందు వ్యాకోచత్వాలే. అయితే మధ్యబిందు పద్ధతి వాటి సగటు కాదు. ఆ రెండింటి సగటు 1.04 వస్తుంది, మధ్యబిందు పద్ధతిలో మాత్రం కచ్చితంగా 1 వస్తుంది. ఇక్కడ తేడా చిన్నది కాబట్టి కంటికి కనబడలేదు. పట్టిక అడుగున 50 నుంచి 60కి అదే పని చేసి చూడండి. చివర్ల బిందు వ్యాకోచత్వాలు 2.5, 6 అవుతాయి, వాటి సగటు 4.25. మధ్యబిందు పద్ధతిలో పరిమాణం మార్పు 20ని సగటు పరిమాణం 30తో, ధర మార్పు 10ని సగటు ధర 55తో భాగిస్తే, వచ్చేది 3.67 మాత్రమే. సగటు తీసేది సమాధానాలకు కాదు, ధరలకూ పరిమాణాలకూ విడివిడిగా సగటు తీసి, ఆ సగటుల మీద శాతాలు కట్టాలి.

ఇక (ఆ)ను పూర్తిగా చేద్దాం. సీసాల మార్పు 20, సీసాల సగటు 70. ధర మార్పు 10, ధర సగటు 35.

(20 ÷ 70) ÷ (10 ÷ 35) = 1

దీన్ని 0.2857 అనో 28.57 శాతం అనో దశాంశాల్లోకి మార్చకుండా భిన్నాలుగానే ఉంచమని నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేవాడిని. మధ్యలో 29, 28 అని సవరిస్తే ఒకటి కాస్తా 1.04గానో 0.97గానో మారి, దాని వెంట రాబడి గురించిన వివరణ కూడా తప్పిపోతుంది.

ఇప్పుడు పట్టిక పక్కన మూడో నిలువు వరుస ఒకటి గీసి, ధరను సీసాలతో హెచ్చించి రాబడి రాయండి. పై నుంచి కిందికి 1,200, 2,000, 2,400, 2,400, 2,000, 1,200 వస్తాయి. 30 రూపాయల దగ్గరా 2,400, 40 రూపాయల దగ్గరా 2,400. మీకు వచ్చిన 0.75ను నమ్మి ఉంటే, డిమాండు అవ్యాకోచం కాబట్టి ధర పెంచితే రాబడి పెరుగుతుందని రాసేవారు. 1.33ను నమ్మి ఉంటే, వ్యాకోచం కాబట్టి ధర తగ్గిస్తే రాబడి పెరుగుతుందని రాసేవారు. రెండూ అబద్ధమే అయ్యేవి, ఎందుకంటే రాబడి కదలనే లేదు. ఆ నిజాన్ని చెప్పగలిగింది మధ్యబిందు పద్ధతి ఒక్కటే.

చిత్తూరు విద్యార్థిని

ధన్యవాదాలు సార్. స్నేహితురాలిని అడిగాను, అసలు కాగితం మీద 60 అనే ఉంది.

రాబడి వరుస రాశాక 0.75 ఎందుకు పనికిరాదో అర్థమైంది. అయితే 1 వచ్చినచోట రాబడి మారకపోవడం ఈ పట్టికలో అలా కుదిరిందా, లేక ప్రతి పట్టికలోనూ అలాగే జరుగుతుందా? శాతాలకు సగటు తీసినంత మాత్రాన రాబడితో అంత కచ్చితంగా ఎలా సరిపోతుంది?

బస్టాండు జ్యూస్ అంగడి

నేను చదువుకున్నది ఇంటర్ వరకే, తిరుపతిలో జ్యూస్ అంగడి నడుపుతున్నాను. సూత్రం సంగతి సార్ చెబుతారు గానీ, రాబడి ఎందుకు మారలేదో మా గల్లాపెట్టె దగ్గర నిలబడి చూస్తే తెలుస్తుందమ్మా. ధర 30 నుంచి 40కి పెంచాక కూడా 60 సీసాలు పోతున్నాయి, ఆ 60 మీద తలా 10 రూపాయలు ఎక్కువ వచ్చాయి కాబట్టి 600 లాభించింది. ఇంతకుముందు కొని ఇప్పుడు మానేసిన 20 సీసాలకు పాత ధర 30 చొప్పున 600 పోయింది. వచ్చిన 600, పోయిన 600 చెల్లుకు చెల్లు. ధర పెంచేముందు ప్రతి అంగడివాడూ మనసులో వేసుకునే లెక్క ఇదే: ఉండేవాళ్ల దగ్గర ఎంత ఎక్కువ వస్తుంది, పోయేవాళ్ల వల్ల ఎంత పోతుంది.

అయితే నాకు ఒక అభ్యంతరం ఉంది. రెండు ధరల దగ్గరా 2,400 వచ్చింది కాబట్టి రెండూ ఒకటే అంటే నేను ఒప్పుకోను. 30కి అమ్మితే 80 సీసాలకు పండ్లు, చక్కెర, ఐస్, సీసాలు కొనాలి. 40కి అమ్మితే 60కి కొంటే చాలు. నేనైతే ఆలోచించకుండా 40 పెడతాను.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

అంగడి నడిపే మిత్రుడు చెప్పిన లెక్క చాలా శుభ్రంగా ఉంది, జవాబు పత్రంలో ఆ పద్ధతిలోనే వివరించవచ్చు. ఆయన అభ్యంతరం కూడా న్యాయమైనదే. కానీ ప్రశ్న అడిగింది రాబడి గురించే, లాభం గురించి కాదు. లాభం చెప్పాలంటే ఒక్కో సీసాకు ఎంత ఖర్చవుతుందో తెలియాలి, ఈ పట్టికలో ఆ వివరం లేదు. వ్యాకోచత్వం ఒకటి అంటే అమ్మేవాడికి రెండు ధరలూ సమానమే అని జవాబులో రాయకండి. రాబడి సమానం అని మాత్రమే రాయండి.

గ్రూప్స్ అభ్యర్థి

ఒక చిన్న సందేహం. ప్రతి 10 రూపాయలకూ కచ్చితంగా 20 సీసాలే తగ్గుతున్నాయి కదా. తగ్గే వేగం అంతటా ఒకటే అయినప్పుడు వ్యాకోచత్వం కూడా పట్టిక మొత్తానికి ఒకటే ఉండాలి. మూడు భాగాలకు మూడు సమాధానాలు అవసరమా? పరీక్షలో ఒకసారి కట్టి, మిగిలిన రెండింటికీ అదే రాస్తే సమయం కలిసివస్తుంది.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

అలా రాస్తే మూడింటిలో రెండు తప్పవుతాయి. మీరు చెబుతున్నది వాలు, అది అంతటా ఒకటే. వ్యాకోచత్వం శాతాలతో ముడిపడినది. 20 సీసాలు తగ్గడం అనేది 120 సీసాలు అమ్మేచోట చిన్న విషయం, 40 సీసాలే అమ్మేచోట సగానికి సగం. అలాగే 10 రూపాయలు పెరగడం అంటే 10 దగ్గర ధర రెట్టింపు కావడం, 50 దగ్గర అయిదో వంతు పెరగడం. కాబట్టి సరళరేఖ మీద పై ధరల వైపు వెళ్లేకొద్దీ వ్యాకోచత్వం పెరుగుతూ పోతుంది. ఈ పట్టికలో అది 10-20 మధ్య 0.27తో మొదలై, 20-30 మధ్య 0.56, 30-40 మధ్య 1, 40-50 మధ్య 1.8 అయి, 50-60 మధ్య 3.67కు చేరుతుంది. ఇదే వస్తువు, ఇవే మనుషులు, అయినా మామిడి రసం డిమాండు వ్యాకోచమా అవ్యాకోచమా అన్న ప్రశ్నకు ధర చెప్పకుండా సమాధానం ఉండదు.

ఇప్పుడు విద్యార్థిని అడిగిన అసలు ప్రశ్న. 1 వస్తే రాబడి మారకపోవడం ఈ పట్టికకు మాత్రమే కుదిరిన విషయం కాదు, ఏ పట్టికకైనా అంతే, అది సరళరేఖ కాకపోయినా అంతే. ఎందుకో ఒకసారి నాతో పాటు చేయండి. సూత్రంలో సగటులు తీయడానికి పైనా కిందా రెండుతో భాగిస్తాం, ఆ రెండ్లు కొట్టుకుపోతాయి. అప్పుడు మిగిలేది రెండు లబ్ధాల పోలిక: ఒకవైపు సీసాల మార్పును రెండు ధరల మొత్తంతో హెచ్చించగా వచ్చేది, మరోవైపు ధర మార్పును రెండు పరిమాణాల మొత్తంతో హెచ్చించగా వచ్చేది. మొదటిది పెద్దదైతే వ్యాకోచత్వం ఒకటి కన్నా ఎక్కువ, రెండోది పెద్దదైతే తక్కువ, రెండూ సమానమైతే ఒకటి.

(ఆ)లో మొదటిది 20 × 70, అంటే 1,400. రెండోది 10 × 140, అదీ 1,400. సమానం.

(అ)లో మొదటిది 20 × 50, అంటే 1,000. రెండోది 10 × 180, అంటే 1,800. తేడా 800. ఇక్కడ రాబడి 2,000 నుంచి 2,400కి, అంటే 400 పెరిగింది. 800 అనేది 400కు సరిగ్గా రెట్టింపు.

(ఇ)లో మొదటిది 20 × 90, అంటే 1,800. రెండోది 10 × 100, అంటే 1,000. తేడా మళ్లీ 800, రాబడి మార్పు మళ్లీ 400.

ఆ రెండు లబ్ధాల తేడా ఎప్పుడూ రాబడి తేడాకు రెట్టింపే ఉంటుంది. అంకెల స్థానంలో అక్షరాలు పెట్టి కుండలీకరణాలు విప్పి చూడండి, ఒక ధరను మరో ధర దగ్గరి పరిమాణంతో హెచ్చించిన పదాలు రెండువైపులా ఒకే విధంగా ఉండి కొట్టుకుపోయి, ప్రతి ధరనూ దాని సొంత పరిమాణంతో హెచ్చించిన పదాలు, అంటే రాబడులు మాత్రమే, రెండేసి చొప్పున మిగులుతాయి. తేడా సున్నా అయితే రాబడి తేడా సున్నా కాక తప్పదు. ఒకవైపు నుంచి కట్టే శాతాల పద్ధతిలో ఈ కొట్టివేత జరగదు. అందుకే అది 0.75 అని చెప్పి, రాబడి పెరుగుతుందనే భ్రమ కలిగించింది. రాబడి కదలికను బట్టి వ్యాకోచత్వాన్ని నిర్ణయించే మార్షల్ పద్ధతిని మీరు మొదటి సంవత్సరంలో చదివే ఉంటారు. 1890లో ఆయన వ్యాకోచత్వాన్ని అర్థశాస్త్రంలో స్థిరపరిచాక ఆ రెండు దారులూ పాఠ్యపుస్తకాల్లో వేర్వేరు శీర్షికల కింద కనిపిస్తూ వచ్చాయి గానీ, మధ్యబిందు సూత్రం దగ్గర అవి ఒకటిగా కలుస్తాయి.

గణితం బెంచీ

కుండలీకరణాలు విప్పి చూశాను, సార్ చెప్పినట్టే వచ్చింది. కానీ దీన్నే ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్తే ఒక చిక్కు ఉంది. ధర 35 పెడితే అదే వాలు ప్రకారం 70 సీసాలు అమ్ముడవుతాయి, రాబడి 2,450. అది 2,400 కన్నా ఎక్కువ. అంటే 30 నుంచి 40కి వెళ్లే దారిలో రాబడి ముందు 50 పెరిగి, తరువాత 50 తగ్గింది. కాబట్టి ‘వ్యాకోచత్వం ఒకటి, అందువల్ల ధర మారినా రాబడి మారదు’ అని రాయడం పూర్తిగా సరికాదు. రెండు చివర్ల దగ్గర సమానం అని మాత్రమే చెప్పగలం. గరిష్ఠ రాబడి ఇచ్చే ధర 35 అని కూడా జవాబులో చేర్చాలని నా అభిప్రాయం.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

మొదటి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. మధ్యబిందు పద్ధతి రెండు చివర్లను పోలుస్తుందే తప్ప మధ్యలో ఏం జరిగిందో చెప్పదు. ధరల మధ్య దూరం ఎక్కువయ్యేకొద్దీ అది దాచిపెట్టేది కూడా ఎక్కువవుతుంది. 10 రూపాయల నుంచి ఏకంగా 60కి వెళ్లినట్టు లెక్కవేయండి. సీసాల మార్పు 100, సగటు 70. ధర మార్పు 50, సగటు 35. వ్యాకోచత్వం మళ్లీ కచ్చితంగా 1 వస్తుంది, రెండు చివర్లా రాబడి 1,200 కాబట్టి అది నిజం కూడా. కానీ ఆ ఒకటిని చూసి మధ్యలో రాబడి నిశ్చలంగా ఉందనుకుంటే, రెట్టింపయిన రాబడి మొత్తం కంటికి ఆనకుండా పోతుంది. పట్టికలో పక్కపక్కనున్న వరుసలకే ఈ పద్ధతిని వాడటం మేలు.

రెండో మాటతో నాకు ఇబ్బంది ఉంది. 35 రూపాయల వరుస పట్టికలో లేదు. 70 సీసాలు అమ్ముడవుతాయని మీరన్నది 30కీ 40కీ మధ్య డిమాండు సరళరేఖలాగే సాగుతుందన్న ఊహ మీద ఆధారపడింది. అభ్యాస పత్రంలో ఆ ఊహ సహజంగానే కనిపిస్తుంది, కానీ ప్రశ్న దాన్ని చెప్పలేదు.

గణితం బెంచీ

ఆరు వరుసలు ఒకే సరళరేఖ మీద ఉన్నప్పుడు ఏడోది కూడా దాని మీదే ఉంటుందని తీసుకోవడం తప్పెలా అవుతుంది? ‘డిమాండు సరళరేఖ అనుకుంటే’ అని ఒక మాట ముందు పెట్టి రాస్తే మూల్యాంకనం చేసేవారు మార్కులు తగ్గించరనే అనుకుంటున్నాను.

బస్టాండు జ్యూస్ అంగడి

35 సంగతి మాత్రం పుస్తకంలో చెప్పినట్టు జరగదు. మా అంగడిలో 35 పెట్టిన రోజుల్లో 5 రూపాయల చిల్లర కోసం గొడవ జరిగేది. చేతిలో 40 పెట్టి చిల్లర లేదంటే కొందరు వెనుదిరిగిపోయేవారు. ఇప్పుడు ఫోన్‌తో చెల్లించేవాళ్లు ఎక్కువయ్యాక ఆ ఇబ్బంది తగ్గిందనుకోండి. అయినా 30, 35, 40 దగ్గర జనం రేఖ గీసినట్టు తగ్గరు.

బంగారుపాళ్యం తోట

మామిడి పేరు కనబడి ఈ చర్చలోకి వచ్చాను. మాకు తోతాపురి తోట ఉంది, కాయలు మండీకీ, గుజ్జు ఫ్యాక్టరీకీ తోలుతాం. మీరు సీసా ధర పెరిగితే రాబడి ఏమవుతుందని మాట్లాడుతున్నారు, మా సమస్య దానికి తలకిందులు. ముందటేడు మా తోటలో 30 టన్నులు వస్తే కిలో 20కి పోయాయి, 6 లక్షలు వచ్చాయి. నిరుడు 40 టన్నులు వచ్చాయి, కిలో 12 మించలేదు, 4 లక్షల 80 వేలే చేతికొచ్చాయి. పంట ఎక్కువ, డబ్బు తక్కువ. పై సూత్రంలో నా అంకెలు వేస్తే 0.57 వచ్చింది. అంటే మా తోతాపురికి డిమాండు అవ్యాకోచం అని తేలినట్టే కదా? అలాగైతే వచ్చే ఏడాది నేను కాయలు తక్కువ కోసి అమ్మితే డబ్బు ఎక్కువ రావాలి కదా?

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

అయ్యా, మీ కష్టం అర్థమైంది, హెచ్చింపులు కూడా సరిగ్గానే చేశారు. కానీ 0.57 అన్నది దేని వ్యాకోచత్వమో చూడాలి. సీసాల పట్టికలో దుకాణదారుడు ధర నిర్ణయించాడు, కొనేవారు ఎన్ని కొనాలో నిర్ణయించుకున్నారు. మీ విషయంలో ధరను నిర్ణయించింది మీరు కాదు, జిల్లా మొత్తం మీద మండీలకూ ఫ్యాక్టరీలకూ వచ్చిన కాయల రాశి. మీ ఒక్క తోటలో 30 టన్నులకు బదులు 20 టన్నులే కోసినా మండీలో ధర పైసా పెరగదు. మిగతావారి కాయలు వస్తూనే ఉంటాయి కాబట్టి ఆ 10 టన్నుల డబ్బు మీకు పూర్తిగా పోతుంది. ఒక్క రైతు సరుకుకు ఎదురయ్యే డిమాండు దాదాపు పూర్తిగా వ్యాకోచమైనది, జిల్లా మొత్తం సరుకుకు ఎదురయ్యేది అవ్యాకోచంగా ఉండవచ్చు. మంచి పంట వచ్చిన ఏడాది రైతులందరి ఆదాయం కలిపి తగ్గిందంటే కారణం ఆ రెండోదే అయ్యే అవకాశం చాలా ఉంది. అందరూ కలిసి తగ్గించుకుంటే జరిగేది వేరు, మీరొక్కరు తగ్గించుకుంటే జరిగేది వేరు.

రెండో చిక్కు, మీ రెండు అంకెల మధ్య ఒక ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో ఫ్యాక్టరీల దగ్గర పాత గుజ్జు నిల్వలు ఎంత ఉన్నాయో, విదేశీ ఆర్డర్లు ఎలా ఉన్నాయో, అవన్నీ మారి ఉండవచ్చు. నిల్వలు పేరుకుపోతే అదే ధరకు కూడా ఫ్యాక్టరీ తక్కువ కాయలు కొంటుంది. అప్పుడు మీరు పట్టికలో ఒక వరుస నుంచి మరో వరుసకు కదలలేదు, పట్టికే మారిపోయింది. మధ్యబిందు సూత్రం ఏ రెండు జతల అంకెలు ఇచ్చినా ఒక సమాధానం ఇస్తుంది, ఆ రెండు జతలూ ఒకే పట్టికలోవా కాదా అన్నది అది చూడదు.

బంగారుపాళ్యం తోట

నేను ఒక్కడినే తగ్గిస్తే లాభం లేదన్న మాట నిజం, అది మాకూ తెలుసు. అయితే ఇంకొకటి అడుగుతాను. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని, మొత్తం 12 అని ప్రకటించారు. అలాంటి ఏడాది పట్టిక వేయాలంటే ధర కింద 8 రాయాలా, 12 రాయాలా?

గ్రూప్స్ అభ్యర్థి

రైతుకు అందవలసింది 12 కాబట్టి 12 రాయాలి కదా.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

డిమాండు పట్టికలో రాయవలసింది కొనేవాడు చెల్లించే ధర. ఎన్ని టన్నులు కొనాలో ఫ్యాక్టరీ 8 రూపాయలను చూసి నిర్ణయించుకుంటుంది, ప్రభుత్వం ఇచ్చే 4 దాని లెక్కలోకి రాదు. కాబట్టి వ్యాకోచత్వానికి 8. రైతు ఆదాయం ఎంతో లెక్కకట్టేటప్పుడు మాత్రం అందిన మేరకు 12. మామూలు పట్టికలో అమ్మేవాడి రాబడీ, కొనేవాడి ఖర్చూ ఒకటే కాబట్టి ఈ తేడా కనబడదు. మధ్యలో మూడో చెయ్యి వచ్చినప్పుడు ఆ రెండూ విడిపోతాయి, ‘అవ్యాకోచం కాబట్టి ధర తగ్గితే రాబడి తగ్గుతుంది’ అన్న వాక్యం కొనేవాడి ఖర్చు గురించి మాత్రమే నిజమవుతుంది.

బంగారుపాళ్యం తోట

మరి జిల్లా మొత్తానికి వ్యాకోచత్వం ఎంతో తెలుసుకునే దారి ఏమిటి సార్? మండీ ధరలు రోజూ దొరుకుతాయి, ఫ్యాక్టరీలకు ఎన్ని టన్నులు పోయాయో మాకు తెలియదు.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

ఏడాదికీ ఏడాదికీ పోల్చడం కన్నా, ఒకే సీజనులో ఫ్యాక్టరీల నిల్వలు, ఆర్డర్లు పెద్దగా మారని కొన్ని వారాలు తీసుకుని, రాక పెరిగినప్పుడు ధర ఎంత పడిందో చూడటం కొంత మేలు. అయితే కాయ పండిపోతుంది కాబట్టి రైతులు ఆగలేరు, ఫ్యాక్టరీలు ఆగగలవు. ఆ బేరం బలం ధరలో ఎంత ఉందో, కేవలం డిమాండు ఎంత ఉందో విడదీయడం అంత సులభం కాదు. టన్నుల లెక్కలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.

చిత్తూరు విద్యార్థిని

నా జవాబు ఇలా రాశాను, ఒకసారి చూడండి సార్.

(అ) ధర 20 నుంచి 30కి: (20 ÷ 90) ÷ (10 ÷ 25) = 0.56. ఒకటి కన్నా తక్కువ కాబట్టి అవ్యాకోచం, ధర పెరిగినందున రాబడి 2,000 నుంచి 2,400కి పెరిగింది. (ఆ) ధర 30 నుంచి 40కి: (20 ÷ 70) ÷ (10 ÷ 35) = 1. రెండు ధరల దగ్గరా రాబడి 2,400. (ఇ) ధర 50 నుంచి 40కి: (20 ÷ 50) ÷ (10 ÷ 45) = 1.8. ఒకటి కన్నా ఎక్కువ కాబట్టి వ్యాకోచం, ధర తగ్గినా రాబడి 2,000 నుంచి 2,400కి పెరిగింది.

ధర, పరిమాణం వ్యతిరేక దిశల్లో కదులుతాయి కాబట్టి ముందు రుణ గుర్తు పెట్టాలా అన్నది నాకు ఇంకా తెలియలేదు.

గ్రూప్స్ అభ్యర్థి

పెట్టకపోతే తప్పు అని మాకు కోచింగులో చెప్పారు.

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

దానిపై పుస్తకాలు కూడా ఒకే మాట మీద లేవు. మీ అధ్యాపకులు తరగతిలో ఏ విధంగా రాశారో ఆ విధంగానే రాయండి, లేదా ‘రుణ గుర్తును వదిలి సంఖ్యా విలువను మాత్రమే తీసుకుంటున్నాం’ అని మొదటే ఒక వాక్యం రాయండి. గుర్తు పెట్టినవారు మైనస్ 1.8ని మైనస్ 0.56 కన్నా చిన్నదని పోల్చి, వ్యాకోచాన్ని అవ్యాకోచం చేయకుండా చూసుకుంటే చాలు.

జవాబు సరిగ్గా ఉంది. (ఇ)లో ఒక్క మార్పు సూచిస్తాను. రాబడి 400 పెరిగిందని ఫలితం మాత్రమే రాశారు, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా రాయండి. పైన అంగడి మిత్రుడు చెప్పిన లెక్కే, దిశ మాత్రం మారుతుంది. ఇంతకుముందు 50కి కొంటున్న 40 సీసాల మీద తలా 10 తగ్గించినందున 400 పోయింది, కొత్తగా అమ్ముడైన 20 సీసాలకు 40 చొప్పున 800 వచ్చింది, మిగిలింది 400. (అ)లో 80 సీసాల మీద 10 చొప్పున 800 వచ్చి, మానేసిన 20 సీసాలకు 20 చొప్పున 400 పోయింది, అక్కడా మిగిలింది 400. రెండుచోట్లా చివరి అంకె ఒకటే అయినా, ఒకచోట అది పాత కొనుగోలుదారుల నుంచీ, మరోచోట కొత్త కొనుగోలుదారుల నుంచీ వచ్చింది. రాబడి ప్రభావాన్ని వివరించమన్న ప్రశ్నకు రాయవలసింది ఇదే.